పైలు అడుగును ఎంతవరకు నమ్మాలి?

తలుపుల నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరకు నేల కింద ఎక్కువగా ఉన్నది గ్రానైటు, నైస్ శిలలే. అయితే వాటి పైభాగం లక్షల ఏళ్లుగా శిథిలమై మొరంగా మారడం వల్ల, ఒక కంభం దగ్గర త్వరగా తగిలిన గట్టిరాయి పక్క కంభం దగ్గర ఎంతో లోతుకు వెళ్తే గాని దొరకకపోవచ్చు. మొరంలో మిగిలిపోయిన గుండునే మూలశిలగా పొరబడే ప్రమాదమూ ఉంది. ఇటువంటి నేలలో వంతెన బరువును మోయడానికి బోరు తవ్వి, ఇనుప కేజి దించి, కాంక్రీటు నింపే స్తంభమే పైలు. అది రాతిలోకి చొచ్చుకుపోయిన భాగాన్ని సాకెట్ అంటారు.

సాకెట్ బరువును రెండు విధాలుగా, అంటే చుట్టూ ఉన్న రాతి గోడతో ఒరిపిడి వల్లా, అడుగున ఆనిక వల్లా మోస్తుంది. ఉదాహరణకు మీటరు వ్యాసమున్న పైలు 250 టన్నులు మోయాలనీ, శిథిల శిల నలుగుడు బలం 4 మెగాపాస్కల్‌లనీ అనుకుంటే, ఆ సంఖ్య వర్గమూలంలో అయిదో వంతును, అంటే 0.4 మెగాపాస్కల్‌లను, గరిష్ఠ ఒరిపిడిగా తీసుకోవడం వాడుకలో ఉన్న ఒక పద్ధతి. భద్రత కోసం దాన్ని మూడుతో భాగిస్తే మీటరు సాకెట్‌కు సుమారు 42 టన్నులు వస్తాయి. మూడు మీటర్ల సాకెట్ అయితే గోడ 125 టన్నులు మోసి, మిగిలిన 125 టన్నులను అడుగుకు వదులుతుంది. అడుగును లెక్కలోంచి తీసేస్తే సాకెట్ ఆరు మీటర్లు కావాలి.

ఈ మూడు మీటర్ల తేడా అంతా అడుగు శుభ్రత మీదే ఆధారపడి ఉంది. ఒరిపిడి 5 నుంచి 10 మిల్లీమీటర్ల కుంగుబాటుకే చాలా వరకు పూర్తిగా పనిలోకి వస్తుంది; అడుగున అయిదు సెంటీమీటర్ల బురద ఉంటే, అది నలిగేదాకా కింది రాయికి బరువు అందదు కనుక అంతవరకు భారమంతా గోడ మీదే పడుతుంది. అమెరికా మార్గదర్శకాలు అడుగులో కనీసం సగం మేర బురద 12 మిల్లీమీటర్లకు లోపే ఉండాలనీ, ఎక్కడా 38 మించరాదనీ అంటాయి.

బోరును ఒకసారి కడిగినంత మాత్రాన పని ముగిసినట్టు కాదు. కేజి దిగేటప్పుడు గోడ గీసుకుని మొరం రాలుతుంది, బెంటొనైట్ ద్రవంలో తేలే ఇసుక నెమ్మదిగా కిందికి దిగుతుంది. కాబట్టి కేజి దించాక ట్రెమీ పైపు ద్వారా మళ్లీ కడిగి, ఆలస్యం లేకుండా కాంక్రీటు పోయాలి. అంతకుముందు గొలుసుకు కట్టిన బరువును అడుగున నాలుగైదు చోట్ల వదిలి చూడాలి: శుభ్రమైన రాయి మీద అది గట్టిగా తగిలి ఆగుతుంది, బురదలోనైతే మెత్తగా దిగబడుతుంది.

కేజికి కట్టిన గొట్టాల మధ్య చేసే ధ్వని పరీక్ష, గొట్టాలు ఆగిన చోటికి కిందనున్న బురదను చూపలేదు. అందుకే డిజైనరు అడుగుకు ఎన్ని టన్నులు అప్పగించారో నక్షా మీదే రాసి, కొన్ని పైళ్లలోనైనా కేజి వెంట దించిన పైపు గుండా అడుగు దాటి రాతి దాకా కోరు తీయించాలి. కాంక్రీటుకూ రాతికీ మధ్య మట్టి పొర కనబడితే దాన్ని నీటి ఒత్తిడితో కడిగి సిమెంటు గ్రౌటు ఎక్కించాలి, అది కుదరనప్పుడు ఆ పైలుకు గోడ ఒరిపిడి మాత్రమే లెక్కగట్టి లోటును అదనపు పైళ్లతో పూడ్చాలి.