డైరెక్టర్ ఒక్కరే, కంపెనీలు తొమ్మిది: డబ్బు కట్టేముందు చూడాల్సిన రికార్డు

హైదరాబాద్‌లో హీరా గ్రూప్ వ్యవహారం 2018లో బయటపడింది. ఆ తర్వాతి ఏడాది జూన్‌లో బెంగళూరు ఐఎంఏ అధినేత దుబాయ్ వెళ్లిపోయాడు. రెండు చోట్లా హలాల్ లాభం మాట నమ్మి డబ్బు కట్టినవాళ్లలో ముస్లిం కుటుంబాలే ఎక్కువ. ఏడాదికి 36 శాతం దాకా లాభం ఆశ చూపారన్నది హీరా మీద ఈడీ ఆరోపణ. ఈ రెండింటిలోనూ ఒక పోలిక ఉంది. జనం నోట్లో నానింది గ్రూప్ పేరు మాత్రమే. దాని కింద బంగారం, బట్టలు, ఆహారం అంటూ రకరకాల పేర్లతో సంస్థలు ఉన్నాయి. తమ రసీదు ఏ సంస్థ పేరు మీద ఉందో, దాని డైరెక్టర్లు ఎవరో చూసుకున్న వాళ్లు తక్కువ.

నిజానికి ఇది రహస్యం కాదు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్ mca.gov.in లో దేశంలోని ప్రతి రిజిస్టర్డ్ కంపెనీ వివరాలు ఉంటాయి. ఈమెయిల్, ఫోన్ నంబర్‌తో ఖాతా తెరుచుకుంటే ఎవరైనా చూడొచ్చు.

మొదట కావాల్సింది కంపెనీ అసలు పేరు. బోర్డు మీద పేరు, యాడ్‌లో పేరు పనికిరావు. కంపెనీల చట్టం సెక్షన్ 12 ప్రకారం లెటర్‌హెడ్ మీద, బిల్లు మీద పూర్తి పేరు, రిజిస్టర్డ్ అడ్రస్, 21 అక్షరాలు-అంకెల సీఐఎన్ నంబర్ ముద్రించాలి. రసీదు మీద అవి లేకపోతే అడగండి. "అవన్నీ మీకెందుకు భాయ్, మన మౌలానా సాబ్ కూడా పెట్టారు కదా" అని జవాబొస్తే అక్కడే ఆగిపోవచ్చు.

సైట్‌లో View Company/LLP Master Data అనే చోట ఆ పేరు గానీ, సీఐఎన్ గానీ వేస్తే కంపెనీ ఎప్పుడు పుట్టింది, వాటాదారులు పెట్టిన మూలధనం ఎంత, చివరి బ్యాలెన్స్ షీట్ ఏ తేదీది అన్నవి కనిపిస్తాయి. డైరెక్టర్ల పట్టిక వేరుగా ఉంటుంది. ప్రతి పేరు పక్కన ఎనిమిది అంకెల డిన్ నంబర్, ఏ తేదీన చేరారో ఉంటాయి. అసలు తాళం చెవి ఈ డిన్. మన పేర్లలో మహమ్మద్‌ని ఇంగ్లిష్‌లో నాలుగైదు రకాలుగా రాస్తారు, షేక్‌ని ఇంకో మూడు రకాలుగా. పేరుతో వెతికితే ఒకరి బదులు ఇంకొకరు దొరుకుతారు, పాపం సంబంధం లేనివాళ్ల మీద అనుమానం పడుతుంది. డిన్ అలా కాదు. ఒక మనిషికి జీవితాంతం ఒకటే, రెండోది తీసుకోవడం సెక్షన్ 155 కింద నిషేధం. ఆ నంబర్‌ని View Director Master Data లో వేస్తే ఆ మనిషి ఏయే కంపెనీల్లో ఉన్నారో తెలుస్తుంది.

ఊహించి ఒక లెక్క వేద్దాం. టోలిచౌకిలో ఒక గోల్డ్ ట్రేడింగ్ ప్రైవేట్ లిమిటెడ్ ఐదు లక్షలు పెట్టమంటోంది అనుకోండి. రికార్డు తీస్తే 2021లో పుట్టింది, మూలధనం లక్ష రూపాయలు, డైరెక్టర్లు భార్యాభర్తలు ఇద్దరే, చివరి బ్యాలెన్స్ షీట్ 2022 మార్చి 31ది. భర్త డిన్ వేస్తే తొమ్మిది కంపెనీలు వచ్చాయి. వాటిలో నాలుగు ఒకే నెలలో పుట్టాయి, ఏడింటికి ఒకే ఫ్లాట్ అడ్రస్, రెండింటి స్టేటస్ Strike Off.

ఇందులో తొమ్మిది అన్న అంకె ఒక్కటే తప్పు కాదు. సెక్షన్ 165 ఒక మనిషికి 20 కంపెనీల దాకా ఒప్పుకుంటుంది, అందులో పబ్లిక్ కంపెనీలు పదికి మించకూడదు. రియల్ ఎస్టేట్ వాళ్లు ప్రాజెక్టుకో కంపెనీ పెట్టడం మామూలే. చూడాల్సింది మిగతా వివరాలు. 2022 తర్వాత లెక్కలు ఎందుకు ఇవ్వలేదు? వరుసగా మూడేళ్లు లెక్కలు దాఖలు చేయని కంపెనీ డైరెక్టర్లు సెక్షన్ 164 కింద ఐదేళ్లు అనర్హులవుతారు. 2017లో ఇలా మూడు లక్షల మందికి పైగా డైరెక్టర్లను కేంద్రం అనర్హులుగా ప్రకటించింది. లక్ష రూపాయల సొంత పెట్టుబడి ఉన్న కంపెనీ జనం దగ్గర లక్షలకు లక్షలు ఏ హోదాలో తీసుకుంటోంది? బయటి జనం నుంచి డిపాజిట్లు తీసుకునే హక్కు ఇలాంటి మామూలు ప్రైవేట్ కంపెనీకి లేదు. కాగితం మీద దాన్ని ముదారబా అని రాసుకున్నా డబ్బు తీసుకునేది ఆ కంపెనీయే.

ఇంకో వంద రూపాయలు ఫీజు కడితే ఆ కంపెనీ దాఖలు చేసిన కాగితాలు కొన్ని గంటలపాటు తెరిచి చూసుకోవచ్చు. బ్యాలెన్స్ షీట్ నోట్స్‌లో "రిలేటెడ్ పార్టీ" అన్న భాగం ఉంటుంది. ఈ కంపెనీ తన డైరెక్టర్ నడిపే మిగతా కంపెనీలకు ఎంత అప్పు ఇచ్చిందో అక్కడ రాయాలి. వచ్చిన సొమ్ము బంగారం కొనడానికి పోకుండా ఆ ఎనిమిదింటికి పోతుంటే, లాభం ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్న అడగాల్సిందే.

మేనేజర్ల సంగతి వేరే. లిస్టయిన కంపెనీలు, పది కోట్లకు పైగా మూలధనం ఉన్న పబ్లిక్ కంపెనీలు సీఈఓ స్థాయి అధికారిని, సీఎఫ్ఓను, కంపెనీ సెక్రటరీని నియమించి రిజిస్ట్రార్‌కి చెప్పాలి. చిన్న ప్రైవేట్ కంపెనీలకు ఆ బాధ్యత లేదు. కాబట్టి ఇంటికొచ్చి చాయ్ తాగి మాట్లాడిన "జీఎం సాబ్" విజిటింగ్ కార్డు మీద తప్ప ఎక్కడా ఉండకపోవచ్చు. రేపు ఆయన "నేను జీతానికి పనిచేసేవాణ్ణి" అంటే రికార్డు ఆయన మాటనే బలపరుస్తుంది.

ఈ వెతుకులాటకు ఒక పెద్ద కన్నం ఉంది. అది సత్యం కేసులో అందరూ చూశారు. 2008 డిసెంబర్ 16న సత్యం బోర్డు మేటాస్ ఇన్‌ఫ్రా, మేటాస్ ప్రాపర్టీస్‌ను 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించింది. అవి రామలింగరాజు కొడుకులు నడిపే కంపెనీలు. సత్యం స్పెల్లింగ్‌ని ఇంగ్లిష్‌లో తిరగేస్తే మేటాస్. వాటాదారులు తిరగబడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గారు. మూడు వారాలకు, జనవరి 7న, లెక్కలు తప్పని రాజు లేఖ రాశారు. తర్వాతి దర్యాప్తులో కుటుంబసభ్యులు, దగ్గరివాళ్ల పేర్ల మీద మూడు వందలకు పైగా కంపెనీలు తేలాయి. ఒక్క రాజు డిన్ వెతికితే అవన్నీ దొరికేవి కావు. అందుకే డిన్‌తో పాటు అడ్రస్, ఆడిటర్, కంపెనీ ఈమెయిల్ ఎక్కడెక్కడ కలుస్తున్నాయో చూడాలి. డ్రైవర్ పేరో, బావమరిది పేరో డైరెక్టర్‌గా పెట్టినా అడ్రస్ మాత్రం చాలాసార్లు పాతదే ఉంటుంది.

ఇక భాగస్వామ్య ఫర్మ్‌లు, ట్రస్టులు, సొసైటీలు ఈ సైట్‌లో ఉండవు. ఎల్‌ఎల్‌పీలు ఉంటాయి, అక్కడ డైరెక్టర్ బదులు డెసిగ్నేటెడ్ పార్ట్‌నర్ అంటారు. ఐఎంఏ తీసుకున్న దారి ఇదే. డబ్బు పెట్టినవాళ్లను డిపాజిటర్లు అనకుండా ఎల్‌ఎల్‌పీలో భాగస్వాములుగా రాసుకుంది. కాబట్టి మీ చేతికి వచ్చిన కాగితంలో "పార్ట్‌నర్" అని మీ పేరే ఉంటే, సంతకం పెట్టకముందే ఆ ఎల్‌ఎల్‌పీ డెసిగ్నేటెడ్ పార్ట్‌నర్లు ఎవరో, వాళ్లు ఇంకెన్ని చోట్ల ఉన్నారో తీసి చూడండి.