మన పనికీ ఒక మస్టరు కావాలి

2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. ఆ పథకం కోసం పల్లెల్లో తిరిగిన కార్యకర్తలకు మస్టరు విలువ బాగా తెలుసు. ఎంత మట్టి తవ్వినా అందులో పేరు లేకపోతే కూలి రాదు. కూలీల పేర్ల కోసం కొట్లాడిన మనం, మన సంస్థల్లో ఎవరు ఏ పని చేశారో మాత్రం రాసుకోం. ఉమ్మడి పనిని ఒకరే తమదని చెప్పుకోవడానికి అక్కడే సందు దొరుకుతోంది.

ఒక ఉదాహరణ చూద్దాం. నలభై మంది ఆడవాళ్ళకు కూలి బకాయి ఉంది. ఒక కార్యకర్త ఆరు ఊళ్ళు తిరిగి, జాబ్ కార్డులు, పాసుపుస్తకాలు చూసి ఎవరికి ఎన్ని రోజుల కూలి రావాలో రాసుకొచ్చింది. ఇంకో ఆమె దాన్ని అర్జీగా తయారుచేసి మండల ఆఫీసులో ఇచ్చింది. డబ్బు వచ్చింది. జిల్లా మీటింగులో ఈ రెండో ఆమె "నేను ఇప్పించాను" అంది. ఇలా అనడం మూడోసారి.

అక్కడే లేచి నిలదీస్తే ఆమెకు నలుగురిలో తలవంపు. రేపు ఇద్దరూ కలిసి ఊరికి వెళ్ళలేరు. మౌనంగా ఉంటే ఆ కోపం చాటుమాటు మాటలవుతుంది. ముందే పై వాళ్ళకు చెబితే అది ఫిర్యాదే. ఒకటి రెండు రోజుల్లో, ఇద్దరే ఉన్నప్పుడు, ఒక్క సంఘటన గురించే మాట్లాడాలి: "అక్కా, మొన్న మీటింగులో బకాయి నువ్వే ఇప్పించినట్టు చెప్పావు. లెక్కలు నేను తెచ్చాను, అర్జీ నువ్వు రాశావు. ఈ నెల రిపోర్టులో ఇద్దరి పేర్లూ పెడదాం." "నీకెప్పుడూ ఇదే అలవాటు" అన్నామా, మాట అక్కడే తెగిపోతుంది.

మరిచిపోయి అన్నదైతే తర్వాతి రిపోర్టులో తేడా కనిపిస్తుంది. కనిపించకపోతే సమస్యను మనిషి మీది నుంచి పద్ధతి మీదికి మార్చాలి. ప్రతి పనికీ తేదీ, ఊరు, ఎవరు ఏం చేశారో ఒక పుస్తకంలో ఆ రోజే రాయాలి. సోషల్ ఆడిట్ గ్రామసభలో మస్టరు చదివినట్టు నెలవారీ మీటింగులో దాన్ని అందరి ముందూ చదవాలి. రిపోర్టు రాసే వంతు, మీటింగులో చెప్పే వంతు మారుతూ ఉండాలి. రాయడం వచ్చినవాళ్ళకే పేరు రావడం మన సంస్థల్లో పాత జబ్బు. ఊళ్ళు తిరిగేది మాత్రం తరచుగా తక్కువ చదువుకున్న, కింది కులాల ఆడవాళ్ళే. పేరు మింగేది పై అధికారి అయితే ఈ పుస్తకం ఒక్కటే చాలదు. అప్పుడు సహోద్యోగులంతా కలిసి అడగాల్సిందే.

ఆ పుస్తకంలో ఇంకో గడి కూడా ఉండాలి. ఆరు ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగి కార్డులు పోగుచేసి పెట్టిన సంఘం ఆడవాళ్ళ పేర్లు అందులో రాయాలి. ఆ గడి ఖాళీగా ఉంచి, మన ఇద్దరిలో పేరు ఎవరిదని తగవుపడితే, వాళ్ళ పనిని మనమిద్దరం పంచుకున్నట్టే.