‘గారు’ని ఎక్కడ వదిలెయ్యాలి?

ఒక మిత్రుడు తన తండ్రి జ్ఞాపకాలు ఓ నలభై పేజీలు రాశాడు. అచ్చు వేయించాలని కాదు, మనవలు చదువుకోవాలని. ఆ మనవల్లో ఇద్దరు ఇక్కడే, అమెరికాలో పుట్టినవాళ్ళు. తెలుగు మాట్లాడితే అర్థమవుతుంది, చదవడం రాదు. ఒక పిల్ల ఒసాకాలో పెరుగుతోంది, వాళ్ళమ్మ జపాన్ అమ్మాయి. ఇంగ్లీషు నువ్వు చెయ్యమని నన్నడిగాడు. ఆ ఇంగ్లీషు చూసి జపనీస్ తను చేస్తానని వాళ్ళ కోడలు అంది. నేను ఒకప్పుడు యోకొహామాలో ఆరేళ్ళు ఉద్యోగం చేశాను కాబట్టి ఆవిడకి సందేహాలొస్తే ఫోనులో చెప్పాలని ఒప్పందం.

మొదటి పేజీలోనే ఆగిపోయాం ఇద్దరమూ. కారణం ఒక్కటే, ‘గారు’. నలభై పేజీల్లో నూటముప్ఫై దాకా ఉన్నాయి.

మొదట నేను అందరూ చేసే పనే చేశాను. మనుషుల పేర్ల ముందు ‘మిస్టర్’ పెట్టాను. రెండు పేజీలు చదివేసరికి ఊరంతా బ్యాంకు ఉత్తరాల్లా మాట్లాడుకుంటున్నట్టు అనిపించింది. మిస్టర్ ఇంటిపేరుతో వెళ్ళే మాట, మన ‘గారు’ అసలు పేరుతో వెళ్ళే మాట. పైగా మిస్టర్ అనగానే మగవాడని, మిసెస్ అనగానే పెళ్ళయిందని చెప్పేస్తుంది. లక్ష్మిగారు అంటే ఆ గొడవలేవీ లేవు. ఇంగ్లీషులో అసలు పేరుకి తగిలించే గౌరవం ఏదైనా ఉంటే అది నైట్ బిరుదుకి పెట్టే ‘సర్’. సర్ ఆర్థర్ కాటన్‌ని సర్ ఆర్థర్ అంటారు, సర్ కాటన్ అనరు. వ్యాకరణం ప్రకారం గారుకి దగ్గరి చుట్టం అదే. కానీ మా మిత్రుడి ఊళ్ళో కరణంగారిని నైట్‌ని చెయ్యలేను కదా.

అసలు చిక్కు పేరు దగ్గర కాదు, క్రియ దగ్గర ఉంది. ‘నాన్నగారు వచ్చారు’లో గారు తీసేసి ‘నాన్న వచ్చారు’ అన్నా గౌరవం ఎక్కడికీ పోదు, ‘వచ్చారు’ దాన్ని మోస్తుంది. మన పత్రికలవాళ్ళు చేసేది ఇదే. ముఖ్యమంత్రి పేరు పక్కన కూడా గారు ఉండదు, ‘అన్నారు’ మాత్రం తప్పకుండా ఉంటుంది. అందుకే మర్యాద తప్పినవాణ్ణి మనం ‘గారు అనలేదేం’ అని నిలదియ్యం, ‘ఏకవచనంలో మాట్లాడతావా’ అంటాం. ఇంగ్లీషు క్రియకి ఈ బరువు మొయ్యడం రాదు. ‘కేమ్’ అంటే రాజు వచ్చినా బంటు వచ్చినా ఒకటే. కాబట్టి ఇంగ్లీషులో పేరు పక్కన గారు అట్టేపెట్టినంత మాత్రాన తెలుగులో ఉన్నదంతా వచ్చెయ్యదు. సగం ముందే పోయింది.

ఇక జపనీస్. గారుకి ‘సాన్’ సరిగ్గా సరిపోతుందని జపాన్ వెళ్ళిన ప్రతి తెలుగువాడూ మొదటి వారంలోనే కనిపెడతాడు. నేనూ కనిపెట్టాను. పేరు తరవాతే వస్తుంది, ఆడా మగా తేడా లేదు, సొంత పేరుకి పెట్టుకోకూడదు. రెండో వారంలో ఆఫీసులో ఫోను మోగింది. అవతల బయట కంపెనీ మనిషి, మా మేనేజర్ తనకా కోసం. తెలుగు మర్యాద నాకు పుట్టుకతో వచ్చింది కాబట్టి ‘తనకా సాన్ సీట్లో లేరండీ’ అన్నట్టు చెప్పాను. ఫోను పెట్టగానే పక్క సీటాయన మెల్లిగా, చాలా నొచ్చుకుంటూ, అలా అనకూడదన్నాడు. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మన మేనేజరు మనవాడు. మనవాడికి మనమే గౌరవం తగిలిస్తే మనల్ని మనం పొగుడుకున్నట్టు. ఉత్త ‘తనకా’ అనాలి, క్రియ కూడా తగ్గించే క్రియ వాడాలి. తనకా ఎదురుగా ఉంటే మాత్రం ‘సాన్’ గాని హోదా గాని లేకుండా పిలవకూడదు.

మనకిది తలకిందులు. పెద్దవారు ఎవరితో చెప్పినా పెద్దవారే. ‘మా మేనేజరుగారు లేరండీ’ అనకపోతే మనకి తప్పు. ఇంట్లోనూ అంతే. జపాన్‌లో తండ్రిని పిలిచేటప్పుడు ‘ఒతోసాన్’ అంటారు, ఆయన గురించి బయటివాళ్ళకి చెప్పేటప్పుడు ‘చిచి’ అంటారు. చిచిలో సాన్ లేదు. మనం నలుగురిలో ‘మా నాన్నగారు’ అని ఇంకాస్త ఒత్తి పలుకుతాం.

మిత్రుడి పుస్తకంలో ఒక వాక్యం ఉంది: ‘ఆ రోజు నాన్నగారు డాక్టరుగారి దగ్గరికి వెళ్ళారు.’ రెండు గార్లు, ఒక బహువచన క్రియ. ఇంగ్లీషులో ‘మై ఫాదర్ వెంట్ టు ద డాక్టర్ దట్ డే’ అంటే సరిపోయింది. రెండూ పోయాయి, ఎవరికీ లోటు తెలియదు. జపనీస్‌లో బయటివాళ్ళ కోసం రాస్తే ‘చిచి వా సొనొ హి, ఒఇషాసాన్ నో తొకొరో ని ఇకిమషిత’ అవుతుంది. తండ్రి గారు పోయింది, డాక్టరు గారు సాన్‌గా మిగిలింది. వెళ్ళడానికి వాడిన క్రియ కూడా గౌరవం లేని మామూలు క్రియ. వేరేవాళ్ళ తండ్రి అయితే అది మారాలి. పైగా ఆ డాక్టరుని ఎదురుగా పలకరించాలంటే ఒఇషాసాన్ పనికిరాదు, ‘సెన్‌సేయ్’ అనాలి. మన డాక్టరుగారు రెండు చోట్లా డాక్టరుగారే.

కోడలు ఫోను చేసి అడిగిన ప్రశ్న ఇంతకన్నా మంచిది. ‘చదివేది నా కూతురు. అది బయటి మనిషి కాదు కదా?’ అంది. నిజమే. మనవరాలికి తాత చెబుతుంటే అది ఇంట్లో మాట, చిచి అక్కడ ముక్కస్యంగా ఉంటుంది. చివరికి ఆవిడే తేల్చింది, ‘ఒజీచాన్ నో ఒతోసాన్’, అంటే తాతయ్య వాళ్ళ నాన్న. జపాన్ ఇళ్ళల్లో వరసలన్నీ చిన్నపిల్ల నిలబడ్డ చోటినుంచి లెక్కపెడతారు. మనమూ ‘తాతయ్య దగ్గరికి రామ్మా’ అని మన గురించి మనమే అనుకోమూ?

అంటే గారు ఉంచాలా తియ్యాలా అన్నది మాట చెప్పేవాడి మర్యాద ఒక్కటే చూస్తే తేలదు. వినేవాళ్ళు ఎవరో చూడాలి. ఇంతకంటే పెద్ద సూత్రం నా దగ్గర లేదు గాని, నూటముప్ఫై గార్లనీ వరసగా కూర్చుని చూస్తే ఒకటి అర్థమైంది. వాటిలో నూటిరవై అలవాటుగా వచ్చినవి. అవి లేకపోతే తెలుగులో తప్పు, అంతే. ఉన్నందువల్ల కొత్తగా ఏమీ చెప్పడం లేదు. వాటిని నిర్మొహమాటంగా తీసేశాను. తియ్యడం అగౌరవం అనుకునేవాళ్ళకి ఒక మాట. మనమే పెద్దవాళ్ళ దగ్గర గారు వదిలేస్తాం. త్యాగరాజుగారని, వేమనగారని ఎవరంటారు? జపాన్‌లోనూ సోసెకిని సోసెకి అనే అంటారు. అక్కడ పేర్ల జాబితాల్లో ‘కెయ్‌షో ర్యాకు’ అని ఒక ముక్క రాసి, అంటే గౌరవవాచకాలు వదిలేశామని ముందే చెప్పేసి, ఆ తరవాత అందరినీ ఉత్త పేర్లతో రాసుకుపోతారు. ఇది మన సంఘాల సావనీర్లవాళ్ళు నేర్చుకుంటే బాగుంటుంది. ఒకసారి మాకొచ్చిన ఆహ్వానం కవరు మీద గారు కాస్తా ఇంటిపేరు స్థానంలోకి వెళ్ళి, మా పోస్టుమాన్ నన్ను ‘మిస్టర్ గారు’ అని పిలిచాడు.

తియ్యడానికి వీల్లేనివి కొన్ని ఉన్నాయి, వాటిలో గౌరవం కాదు, అర్థమే ఉంది. అత్త వేరు, అత్తగారు వేరు. మామ వేరు, మామగారు వేరు. గారు చేరగానే మేనత్త కాస్తా భర్త తల్లి అయి కూర్చుంటుంది. ఇక్కడ మాత్రం ఇంగ్లీషులో గారుకి కచ్చితమైన అనువాదం ఉంది, ‘ఇన్ లా’. భానుమతి ‘అత్తగారి కథలు’ పేరులో గారు తీసేస్తే అది వేరే పుస్తకం.

మిగిలినవి పది. అవన్నీ ఒక్క మనిషి నోట్లోవి. మిత్రుడి తండ్రి బడి పంతులు. పేరు సుబ్బారావు అనుకుందాం. ఓ చుట్టానికి ఆయన హామీ ఉండి అప్పు ఇప్పించాడు. అప్పిచ్చిన షావుకారు రోజూ అరుగు ముందునుంచే వెళ్తూ ‘సుబ్బారావుగారూ, స్కూలుకేనా’ అనేవాడు. చుట్టం ఎగ్గొట్టాడు. ఓ పొద్దున్న షావుకారు గుమ్మంలో నిలబడి ‘ఏమయ్యా సుబ్బారావూ’ అన్నాడు. తిట్టలేదు, అరవలేదు. అప్పుడు తొమ్మిదేళ్ళ పిల్లాడైన మా మిత్రుడికి ఆ రోజు గురించి గుర్తున్నది ఆ పిలుపొక్కటే.

దీన్ని మిస్టర్‌తో చెయ్యలేం. మిస్టర్ ఊడిపోతే ఇంగ్లీషులో స్నేహం పెరిగినట్టు, అవమానం జరిగినట్టు కాదు. అందుకని షావుకారు నోట్లో గారుని ‘garu’ అనే ఉంచేశాను, వాలు అక్షరాలు లేకుండా, అధోజ్ఞాపిక లేకుండా. మొదటి పేజీనుంచీ అతనొక్కడే ఆ మాట వాడతాడు. నాలుగైదుసార్లు విన్నాక అమెరికా పిల్లలకి అదేమిటో తెలిసిపోతుంది, తొమ్మిదోసారి లేకపోతే వినపడుతుంది. ఇదేమీ కొత్త సాహసం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో తెల్లదొరల ప్రభుత్వం అచ్చేసిన ఇంగ్లీషు కాగితాల్లో కూడా తెలుగువాళ్ళ పేర్ల చివర గారు అలాగే ఉండేది, తమిళుల పేర్ల చివర అవర్‌గళ్ ఉండేది. వాళ్ళు అనువదించలేదు. ఇప్పుడు మనమే తెగ సిగ్గుపడుతున్నాం.

జపనీస్ చేసే కోడలికి ఇక్కడ కష్టమే లేకపోయింది. పేరుని సాన్ లేకుండా పిలవడానికి వాళ్ళకి ఒక మాటే ఉంది, ‘యొబిసుతే’. పిలిచి పారెయ్యడం అని అర్థం. ‘సుబ్బారావ్ సాన్’ అనేవాడు ‘సుబ్బారావ్’ అన్నాడంటే ఆ పిల్లకి చెంపదెబ్బ వినపడుతుందని చెప్పింది.

రెండేళ్ళకి అప్పు తీరింది. షావుకారు కూతురి పెళ్ళికి శుభలేఖ పంపాడు. పైన ‘మ.రా.రా.శ్రీ సుబ్బారావు గారికి’ అని ఉంది. పదో గారు అదే, దాన్నీ ఉంచాను. దాని కింద మిత్రుడు రెండే వాక్యాలు రాశాడు. ‘నాన్నగారు పెళ్ళికి వెళ్ళారు. అమ్మ వెళ్ళలేదు.’ ఇంగ్లీషులో పెట్టేటప్పుడు గమనించాను, ‘వెళ్ళలేదు’ దగ్గర మన క్రియ కూడా ఇంగ్లీషు క్రియలాంటిదే. నాన్నగారు వెళ్ళలేదన్నా, అమ్మ వెళ్ళలేదన్నా, షావుకారు వెళ్ళలేదన్నా అది మారదు.