పొగ రాకముందే దించేయండి

గుడ్లవల్లేరులో వానాకాలం గాలికి ఉప్పే నీరు కారుతుంది, ఇక ధనియాలు మెత్తబడకుండా ఉంటాయా? అందుకే గరం మసాలాకి దినుసులు వేయించడమంటే నా లెక్కలో రంగు తెప్పించడం కాదు, చెమ్మ పోగొట్టడం.

నా కొలత ఇదీ: ధనియాలు 50 గ్రాములు, జీలకర్ర 10, దాల్చినచెక్క 10, లవంగాలు, యాలకులు, మిరియాలు ఐదేసి. అన్నీ ఒకేసారి మూకుట్లో పోసేయకండి. చెక్క వేడెక్కేలోపు జీలకర్ర మాడిపోతుంది. సన్నసెగ మీద ముందు చెక్క, తర్వాత లవంగాలు, మిరియాలు, ఆపైన ధనియాలు, చివర్లో జీలకర్ర, విడివిడిగా వేయించాలి. యాలకులకైతే స్టవ్ ఆపేశాక మూకుట్లో మిగిలిన వేడి చాలు. ధనియం గింజని వేళ్లమధ్య నలిపితే పటుక్కుమనాలి. పొగ వచ్చిందంటే మాడినట్టే, ఆ చేదు కూరలో ఏం వేసినా పోదు.

పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. వేడిమీద మిక్సీ పట్టి సీసాలో పోస్తే మూతకి ఆవిరి పట్టి పొడి గడ్డకడుతుంది.

రొయ్యల కూరకి ఘాటెక్కువ అనిపిస్తే లవంగాలు 3 గ్రాములకి తగ్గించండి, ధనియాల జోలికి పోవద్దు. నాలుక మొద్దుబారిందంటే లవంగం ఎక్కువైందనే. గసగసాలు మాత్రం నేనిందులో కలపను. వాటిలో నూనె ఎక్కువ, పొడి చేసి ఉంచితే త్వరగా పాతనూనె వాసన కొడుతుంది. కూర వండే రోజే కొబ్బరితో కలిపి నూరుకుంటా.

గాజుసీసాలో పోసి పొయ్యికి దూరంగా పెట్టండి. ఉడికే గిన్నె మీద సీసా వంచారో, ఆవిరంతా లోపలికే! పొడి చెంచాతో తీసుకోండి. రెండు నెలలకి సరిపడా పట్టుకుంటే చాలు.