డాక్టర్ చెప్పిన వరస వేరు, నోట్ ఉండాల్సిన వరస వేరు

మెడికల్ స్క్రైబ్‌గానో, ట్రాన్‌స్క్రిప్షన్ ఎడిటర్‌గానో చేరాలనుకునే వారిని సాధారణంగా ‘టైపింగ్ స్పీడ్ ఎంత?’ అని అడుగుతారు. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఆసుపత్రులకు పనిచేసే చోటైనా, ఇక్కడి కార్పొరేట్ ఆసుపత్రిలోనైనా మొదటి ప్రశ్న ఇదే. కానీ ఐసీయూ రోజువారీ నోట్ దగ్గరికి వచ్చేసరికి వేగం పెద్దగా అక్కరకు రాదు. ఏ మాట ఎక్కడ పెట్టాలి, ఏ ఖాళీని ఖాళీగానే వదలాలి అన్నది తెలియాలి.

డాక్టర్ మంచం పక్కన నిలబడి తనకు తోచిన వరసలో చెప్పుకుంటూ పోతారు. రాత్రి ఏం జరిగింది, మానిటర్ మీద ఏం కనిపిస్తోంది, మధ్యలో గుర్తొచ్చిన ల్యాబ్ రిపోర్టు.. అన్నీ కలిసి వస్తాయి. నోట్ మాత్రం అవయవ వ్యవస్థల వారీగా ఉండాలి. మెదడు-నాడులు, శ్వాస, గుండె-రక్తప్రసరణ, జీర్ణం-పోషణ, కిడ్నీలు, ఇన్ఫెక్షన్, రక్తం, హార్మోన్లు-షుగర్. చివర్లో రోగికి వేసిన లైన్లు, ట్యూబులు. ఆసుపత్రిని బట్టి వరస కాస్త మారొచ్చు. ఇలా ఎందుకంటే, ఐసీయూ రోగికి ఒకేసారి ఒకటికి మించి అవయవాలు దెబ్బతిని ఉండొచ్చు. కథలా రాస్తే ఏదో ఒకటి జారిపోతుంది. రాత్రి డ్యూటీ డాక్టర్‌కి యూరిన్ ఎందుకు తగ్గిందని సందేహం వస్తే నేరుగా కిడ్నీల పేరా తెరుస్తారు. అక్కడ ఉండాల్సింది అక్కడే ఉండాలి.

ఒక డిక్టేషన్ ఇలా ఉందనుకోండి: ‘‘62 ఏళ్ల పేషెంట్, న్యుమోనియాతో సెప్టిక్ షాక్, ఐసీయూలో మూడో రోజు. రాత్రి బీపీ పడిపోయింది, నోర్‌ఎపినెఫ్రిన్ 0.04 నుంచి 0.08కి పెంచాం. ఇప్పుడు మీన్ ప్రెజర్ 68. వెంటిలేటర్ మీద ఆక్సిజన్ 40 శాతం, పీప్ 8. ఫెంటనిల్ నడుస్తోంది, పిలిస్తే కళ్లు తెరుస్తున్నారు. వాంకోమైసిన్, పైపరాసిలిన్-టాజోబ్యాక్టమ్ కొనసాగించండి. బరువు 70 కిలోలు. యూరిన్ తగ్గింది, 24 గంటల్లో 600 ఎంఎల్. క్రియాటినిన్ 1.4 నుంచి 2.1. ఆగండి.. ముక్కు స్వాబ్‌లో ఎంఆర్‌ఎస్‌ఏ నెగెటివ్ వచ్చింది, వాంకో ఆపేయండి. హెపారిన్ కొనసాగించండి.’’

మొదటి నియమం: చివరిదాకా వినకుండా రాయడం మొదలుపెట్టొద్దు. వింటూ టైపు చేసుకుంటూ పోతే, ఇన్ఫెక్షన్ పేరాలో ‘వాంకోమైసిన్ కొనసాగించాలి’ అన్న మాట ఉండిపోతుంది. ఇంకోచోట ‘ఆపాలి’ అని వస్తుంది. నర్సు దేన్ని నమ్మాలి? ఇక్కడ డాక్టర్ ‘ఆగండి’ అని, కారణం కూడా చెప్పి, మాట మార్చుకున్నారు. కాబట్టి చివరి మాటే నిలుస్తుంది. వాంకోమైసిన్ కిడ్నీలకు హాని చేయగల మందు, ఈ రోగికి క్రియాటినిన్ పెరుగుతోంది. పాత మాట నోట్‌లో మిగిలితే జరిగే నష్టం చిన్నది కాదు. అలాగని ‘కిడ్నీల కోసం ఆపారు’ అని మీరు కారణం కలపకూడదు. డాక్టర్ చెప్పిన కారణం స్వాబ్ ఫలితం మాత్రమే. ఒకవేళ డాక్టర్ దిద్దుకున్న సూచనేమీ లేకుండా రెండు మాటలు పొసగకపోతే, ఏది నిజమో మీరు తేల్చొద్దు, అడగండి.

రెండోది, సర్దడం. ఫెంటనిల్, కళ్లు తెరవడం మెదడు-నాడుల కింద. వెంటిలేటర్ అంకెలు శ్వాస కింద. నోర్‌ఎపినెఫ్రిన్, మీన్ ప్రెజర్ గుండె-రక్తప్రసరణ కింద. షాక్ ఇన్ఫెక్షన్ వల్లే వచ్చింది కదా అని బీపీ మందును ఇన్ఫెక్షన్ పేరాలో పెట్టకండి. ఆ మందు పనిచేసేది రక్తనాళాల మీద. ఒక విషయం ఒకేచోట ఉండాలి. రెండుచోట్ల రాస్తే రేపు ఒకచోట మార్చి, రెండోచోట మర్చిపోతారు. ప్రతి పేరాలోనూ రాత్రి ఏమైంది, ఇప్పుడెలా ఉంది, ఇక ఏం చేయాలి అన్న వరస పాటిస్తే చదివేవారికి తడుముకునే పని ఉండదు.

మూడోది, అంకెలు. 0.08 అంటే కిలో బరువుకు నిమిషానికి 0.08 మైక్రోగ్రాములు. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది. బిందువు ముందు సున్నా వదిలేసి రాయడం, పూర్ణాంకం తర్వాత ‘.0’ తగిలించడం ప్రమాదకరమని అమెరికాలోని జాయింట్ కమిషన్ ‘వాడకూడనివి’ జాబితాలో ఎందుకు పెట్టిందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. లెక్కను మీ చెవిని పరీక్షించుకోవడానికి కూడా వాడండి. 600 ఎంఎల్‌ని 24 గంటలతో, 70 కిలోలతో భాగిస్తే గంటకు కిలోకు 0.36 ఎంఎల్ వస్తుంది. 0.5 కంటే తక్కువ కాబట్టి ‘యూరిన్ తగ్గింది’ అన్న మాటతో సరిపోతోంది. మీకు 1600 అని వినిపించి ఉంటే దాదాపు 0.95 వచ్చేది. అప్పుడు ఆడియో మళ్లీ వినాలి. ఈ లెక్క మీ కోసమే. దాన్ని ఆధారం చేసుకుని ‘అక్యూట్ కిడ్నీ ఇంజ్యురీ’ అని నోట్‌లో రాయడం మీ పని కాదు. డాక్టర్ ఆ మాట అనలేదు.

ఇక అన్నిటికన్నా కష్టమైనది ఖాళీ. ఈ డిక్టేషన్‌లో పొట్ట గురించి, ఫీడ్ గురించి, షుగర్ గురించి ఒక్క మాట లేదు. టెంప్లేట్‌లో మాత్రం ఆ గడులు నోరు తెరుచుకుని ఉంటాయి. నిన్నటి నోట్‌లోని ‘పొట్ట మెత్తగా ఉంది, నొప్పి లేదు’ అన్న వాక్యం ఒక్క క్లిక్‌తో వచ్చేస్తుంది. ఫారం నిండుతుంది కానీ ఎవరూ చేయని పరీక్షకు ఫలితం పుడుతుంది. ఆ రాత్రి పొట్ట ఉబ్బితే, పొద్దున బాగానే ఉందని రికార్డు చెబుతుంది. అక్కడ ‘డిక్టేట్ చేయలేదు’ అని రాయడమే సరైన పని.

అంతకంటే మోసగించేది సగం చెప్పిన మాట. ‘హెపారిన్ కొనసాగించండి’ అన్నారు. గడ్డలు కట్టకుండా చర్మం కింద ఇచ్చే చిన్న డోసా, కట్టిన గడ్డకు చికిత్సగా నరంలోకి నడిచే డ్రిప్పా? రెండింటికీ పేరు ఒకటే, రక్తస్రావం ప్రమాదంలో తేడా చాలా ఎక్కువ. ఐసీయూలో ఎక్కువగా మొదటిదే కనిపిస్తుందని ఊహించి రాయకండి. చెప్పిన మాట అలాగే ఉంచి, ‘డోసు, మార్గం చెప్పలేదు’ అని గుర్తుపెట్టి డాక్టర్‌కి పంపండి. ఫెంటనిల్ డోసు కూడా అంతే.

పంపే ముందు రెండు వైపుల నుంచీ సరిచూడండి. డిక్టేషన్‌లోని ప్రతి అంకె, ప్రతి మందు నోట్‌లో దొరకాలి. నోట్‌లోని ప్రతి వాక్యానికి డిక్టేషన్‌లో మూలం దొరకాలి. మొదటి చూపులో వదిలేసినవి బయటపడతాయి, రెండో చూపులో మీరు కలిపినవి. చాలామంది మొదటిది చేసి ఆపేస్తారు. శిక్షణ సంస్థలు, ఉద్యోగమిచ్చే కంపెనీలు నిమిషానికి ఎన్ని పదాలు కొట్టారని కొలిచేకన్నా, ఇలాంటి గజిబిజి డిక్టేషన్ ఒకటిచ్చి, ఏది ఎక్కడ పెట్టారు, ఏది అడిగారు, ఏది ఖాళీగా వదిలారు అని చూస్తే సరైన అభ్యర్థి తేలిపోతారు. మీరు రాసిన నోట్ మీద డాక్టర్ సంతకం పెడతారు, దాన్ని చదివే నర్సు మందు ఆపుతారు లేదా పెంచుతారు.