శ్రమల వారంలో నిద్ర సంగతి



మట్టలాదివారం నుండి ఈస్టర్ వరకు మన ఊళ్లలో జరిగే కార్యక్రమాలు ఒకసారి వరుసగా చూడండి. గురువారం రాత్రి ప్రభు రాత్రి భోజనపు ఆరాధన. శుక్రవారం మధ్యాహ్నం 12 నుండి 3 వరకు ఏడు మాటల ధ్యానం, అప్పటిదాకా ఉపవాసం. శనివారం రాత్రి పిల్లల నాటిక రిహార్సల్, పూలు, కొవ్వొత్తులు, కొన్ని సంఘాల్లో తెల్లవార్లూ ప్రార్థన. ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకు సమాధుల తోటలో పునరుత్థాన ఆరాధన. అంటే గురువారం ఆలస్యంగా పడుకోమంటాం, ఆదివారం అర్ధరాత్రి దాటగానే లేవమంటాం. మధ్యలో అన్నం వేళ కూడా మార్చేస్తాం. శనివారం రాత్రంతా మేలుకోవడం, ఆదివారం వేకువనే లేవడం ఈ రెండూ కలిపి పెట్టకూడదని మా అభిప్రాయం. మూడేళ్లుగా మా సంఘంలో పెట్టడం లేదు.

దీనికి పెద్దలు చెప్పే మాట మాకు తెలుసు. "అయ్యగారూ, గెత్సేమనేలో శిష్యులు నిద్రపోతే ప్రభువు గద్దించలేదా?" అంటారు. గద్దించాడు, నిజమే. కాని వాళ్లు ఎప్పుడు నిద్రపోయారో చూడండి. రాత్రివేళ పస్కా భోజనం ముగించి, కొండకు నడిచి వచ్చాక. లూకా అయితే దుఃఖం చేత నిద్రపోయారని కారణం కూడా రాశాడు. ఆయన వైద్యుడు కదా! త్రోయలో ఐతుకు సంగతీ అంతే. మేడగదిలో చాలా దీపాలు, అర్ధరాత్రి దాకా ప్రసంగం, కిటికీలో కూర్చున్న పడుచువాడు మూడో అంతస్తు నుండి కిందపడ్డాడు. పౌలు కిందికి దిగివెళ్లి అతన్ని కౌగిలించుకున్నాడే గాని భక్తి లేదని తిట్టలేదు.

మిరప కోతకు వెళ్లే ఒక అక్కను ఉదాహరణగా తీసుకుందాం. ఈ వారాల్లో మా సంఘంలో సగం మంది పని అదే. మామూలు రోజుల్లో ఆమె రాత్రి 9:30కి పడుకుని 4:30కి లేస్తుంది, అంటే ఏడు గంటల నిద్ర. ఆదివారం 4 గంటలకు తోటలో ఉండాలంటే, నీళ్లు పోసుకుని పిల్లల్ని తయారుచేసి నడిచి రావాలి గనుక 2:30కి లేవాలి. శనివారం పనులు తెమిలేసరికి 11 అవుతుంది. చేతికి వచ్చేది మూడున్నర గంటలు. ఆరాధనలో పాట అయ్యాక తల వాలిపోతుంది. మధ్యాహ్నం బిర్యానీ తిని మూడు గంటలు పడుకుంటుంది, ఆ రాత్రి నిద్ర పట్టదు. సోమవారం మళ్లీ కోత. ఈ నష్టం సోమవారంతో ఆగక బుధవారం దాకా లాగుతుంది.

"శనివారం 7 గంటలకే పడుకోమ్మా" అని చెబితే చాలదు. ఒంట్లో ఒక గడియారం ఉంది. రోజూ నిద్రపోయే వేళకు రెండు మూడు గంటల ముందు మనిషికి మెలకువ బాగా ఉంటుంది. అలసిపోయినా సరే, ఆ సమయంలో పడుకుంటే దొర్లడమే. పైగా ఈ గడియారం వెనక్కి, అంటే ఆలస్యానికి తేలిగ్గా జరుగుతుంది, ముందుకు జరగడమే కష్టం. అందుకే క్రిస్మస్ క్యారల్స్‌కు రాత్రి రెండింటిదాకా తిరగగలిగినవాళ్లు ఈస్టర్ వేకువకు లేవలేకపోతారు. ముందుకు జరపాలంటే పడుకునే వేళతో కాదు, లేచే వేళతో మొదలుపెట్టాలి.

ఆ అక్క ఇలా చేయవచ్చు. బుధవారం 4 గంటలకు లేవాలి, గురువారం 3:30కి, శుక్ర, శనివారాల్లో 3 గంటలకు. లేవగానే లైటు వేసుకుని పని మొదలుపెట్టాలి, ఎందుకంటే గడియారాన్ని అన్నిటికంటే ఎక్కువగా జరిపేది వెలుతురే. రాత్రి భోజనం, పక్క కూడా అదే లెక్కన ముందుకు వస్తాయి. బుధ, గురువారాల్లో 9కి, శుక్రవారం 8:30కి పడుకోవాలి. శనివారం 6 గంటలకు తిని, ఇంట్లో లైట్లు తగ్గించి, ఫోను పక్కన పెట్టి 8కి పక్క ఎక్కితే, 2:30కి లేచేసరికి ఆరున్నర గంటల నిద్ర ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం కునుకు అరగంటకు మించనివ్వకపోతే ఆ రాత్రి మామూలు వేళకు నిద్ర వస్తుంది.

ఇది జరగాలంటే సంఘం కూడా కదలాలి. గురువారం ఆరాధన 6:30కి మొదలై 8కి ముగియాలి. రిహార్సల్ శనివారం సాయంత్రం 5కి పెట్టుకోవాలి. పూల పని మధ్యాహ్నమే తెమలాలి. మొదటి ఏడు కొందరు నొచ్చుకున్నారు. రాత్రి ప్రార్థన లేని శనివారం ఏం శనివారం అన్నారు. మేము ప్రార్థన తీసేయలేదు, సాయంత్రం 6 నుండి 7కి మార్చాం, అంతే.

శుక్రవారం ఉపవాసం సంగతి కొంచెం వేరు. మధ్యాహ్నానికి తలనొప్పి వస్తుందని చాలామంది చెబుతారు, అది ఆకలి వల్ల అనుకుంటారు. రోజుకు మూడు నాలుగు టీలు తాగేవాళ్లకు అది చాలాసార్లు టీ లేక వచ్చే నొప్పే. సోమవారం నుండి రోజుకు ఒక్కో టీ తగ్గించుకుంటూ వస్తే శుక్రవారం అంత బాధ ఉండదు. చేయకూడనిదేమంటే, 3 గంటలకు ఉపవాసం విడిచి, తలనొప్పి పోవాలని సాయంత్రం దాకా రెండు మూడు స్ట్రాంగ్ టీలు తాగడం. టీ ప్రభావం సగం తగ్గడానికే ఐదు గంటల దాకా పడుతుంది, అది ఆ రాత్రి నిద్రను తింటుంది. ముందు మజ్జిగో రాగి జావో తాగండి. టీ కావాలంటే చిన్న గ్లాసు, అప్పుడే. రోజంతా తిననిదంతా రాత్రి 9కి ఒక్కసారే తిని పడుకుంటే గుండెల్లో మంటతో లేచి కూర్చోవాలి. అందుకని 6:30కి తేలిగ్గా తినడం మంచిది. నీళ్లు మాత్రం మానకండి, ఇది ఏప్రిల్ ఎండ.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాకు చెప్పి ఉపవాసం ఉండటం కాదు, వారం ముందే డాక్టరుకు చెప్పి ఉండాలి. అన్నం మాని మాత్ర మానకపోతే షుగరు పడిపోతుంది. రాత్రి నిద్రలో ఒళ్లంతా చెమట, పీడకలలు, పొద్దున్నే తలనొప్పి దానికి గుర్తులు. చూసుకున్నప్పుడు 70 కంటే తక్కువ వస్తే ఆ క్షణమే చక్కెర నీళ్లు తాగాలి, ఉపవాసం అక్కడితో సరి. మూర్ఛ ఉన్నవాళ్లకు నిద్ర తగ్గడమే ఫిట్స్‌కు కారణం కావచ్చు. వాళ్లను ఏ రాత్రి కూటానికీ మేము పిలవం.

ఇక బండ్లు. రాత్రి 2 నుండి 5 మధ్య మనిషికి నిద్ర మత్తు అన్నిటికంటే ఎక్కువ. సరిగ్గా అప్పుడే చుట్టుపక్కల పల్లెల నుండి ఆటోల్లో, ట్రాక్టర్ల మీద తోటకు వస్తాం. శనివారం రాత్రంతా మేలుకున్న యవనస్థుని చేతికి స్టీరింగు ఇవ్వం. ఎవరు నడపాలో శుక్రవారం ఆరాధన తర్వాత పేర్లు చదువుతాం, ఆ పేరున్నవాళ్లకు శనివారం ఏ పనీ చెప్పం.