మతన్ ఎవరిది, హాషియా ఎవరిది

మా నానీ జహేజ్‌లో తెచ్చుకున్న కితాబొకటి మంగళగిరి ఇంట్లో సందూఖ్ అడుగున ఉండేది. ఉర్దూలో ఘరేలూ నుస్ఖాల కితాబు. సర్‌వరఖ్ ఎప్పుడో చిరిగిపోయింది, జిల్ద్ కూడా రెండోసారి కట్టించిందే. దాని హాషియాల నిండా నానీ రాతలు. ఆమె ఇంతెఖాల్ తర్వాత ఆ కితాబంతా టైపు చేసి ఖాన్దాన్‌లో అందరికీ ఇద్దామని కూర్చున్నాను. మూడు నెలల మెహనత్. పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టిన మూడో రోజు ఆపా ఫోన్ చేసింది.

"క్యా రే, యే క్యా లిఖా? బారా మాషా? తులం దవా తాగించి మనుషుల్ని చంపుతావా?"

పేజీ తీసి చూశాను. మతన్‌లో ఆ దవాకి రెండు రత్తీలు అని ఉంది. పక్కన హాషియాలో, కొన్ని కితాబుల్లో వజన్ దీనికంటే ఎక్కువ చెప్పారనే మాట ఉంది. దాని చివర 12 అంకె, ఆ కిందే 'మాషా' అన్న లఫ్జ్. నేను అదంతా ఒకటే వాక్యంగా చదివి "ఎక్కువ, 12 మాషాలు" అని టైపు చేశాను. మాషాకి 8 రత్తీలు, తులానికి 12 మాషాలు. అంటే రెండు రత్తీల దవా నా చేతిలో 96 రత్తీలైంది. 48 రెట్లు!

అసలు జరిగింది ఇది. హాషియాలో ఆ మాట అచ్చయినదే. చివరి 12 కూడా అచ్చయినదే, కానీ అది వజన్ కాదు. దాని కింద ఉన్నది నానీ రాత: "మాషా సునార్ కనే తులా లేనా." ఇంత చిన్న తూకం ఇంటి తక్కెడలో తేలదు, కంసాలి దగ్గర తూయించుకోమని తనకు తాను రాసుకున్న యాద్‌దాష్త్. మున్షీ సాబ్ కలం ఆగిన చోట నానీ కలం మొదలైంది. నేనే రెండింటినీ కలిపేశాను.

ఆ 12 ఏమిటో మనవాళ్లలో చాలామందికి తెలీదు, అందుకే చెప్తున్నాను. 786 తెలుసు కదా, అబ్‌జద్ లెక్కలో బిస్మిల్లాహ్ అదద్. ఇదీ అదే లెక్క. 'హద్' అనే లఫ్జ్‌లో హేకి 8, దాల్‌కి 4, కలిపితే 12. హద్ అంటే సరిహద్దు. హిందుస్తాన్‌లో రాతి అచ్చు మీద వేసిన అరబీ, ఫార్సీ, ఉర్దూ కితాబుల్లో హాషియా మాట ఎక్కడ ఖతమ్ అయిందో తెలియడానికి 12 వేసేవాళ్లు. అది ఫుట్‌నోట్ నంబరూ కాదు, తారీఖూ కాదు. నుస్ఖాల కితాబులో మాత్రం ఈ అంకె ఖతర్‌నాక్, ఎందుకంటే చుట్టూ ఉన్నవన్నీ అంకెలే.

ఇంగ్లీషు కితాబులో, తెలుగు కితాబులో ఈ పరేషానీ ఇంతగా ఉండదు. అక్కడ అచ్చు అంటే సీసపు అక్షరాలు, రాత అంటే చేతిరాత. చంటిపిల్లాడు కూడా తేడా చెప్తాడు. మన పాత ఉర్దూ కితాబుల్లో అచ్చు కూడా చేతిరాతే. నస్తాలీఖ్ అక్షరాలు పై నుంచి కిందికి వాలుతూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. సీసపు ముక్కలతో వాటిని కూర్చడం కష్టం. అందుకని లీథో. కాతిబ్ జిడ్డు సిరాతో మసాలా పూసిన కాగజ్ మీద రాస్తాడు, దాన్ని రాయి మీద ఒత్తుతారు, రాయి మీద తిరగబడిన రాత మళ్లీ కాగజ్ మీద సూటిగా దిగుతుంది. 1858లో లక్నోలో మొదలైన మున్షీ నవల్ కిషోర్ ప్రెస్ నుంచి మొదలుపెట్టి గల్లీ మత్బాల దాకా ఎక్కువగా నడిచింది ఈ పద్ధతే. కాబట్టి పేజీ మధ్యలో మతన్ ఒక మనిషి రాత, చుట్టూ అచ్చయిన హాషియా ఇంకాస్త సన్నటి కలంతో అదే మనిషి రాత, ఆ పక్కన ఇంటావిడ రాత. మూడూ రాతలే.

మరి విడదీసేదెలా? నేను చేసిన మొదటి గల్తీ ఫోటోలు తీయడంలోనే ఉంది. కాగజ్ పసుపు పోయి సాఫ్‌గా కనిపిస్తుందని బ్లాక్ అండ్ వైట్ స్కాన్ చేశాను. దాంతో సబూత్ అంతా పోయింది. లీథో సిరా జిడ్డుది, నల్లగా ఒకేలా ఉంటుంది, అంచు పాకదు. నానీ కలం సిరా నీళ్లది. పాత కాగజ్ నారల వెంట ఆ సిరా సన్నటి వేళ్లలా పాకింది, కొన్ని చోట్ల వెనక పేజీలోకి దిగింది, ఏళ్లు గడిచి గోధుమ రంగుకి తిరిగింది. రంగుల్లో, కనీసం 300 డీపీఐలో మళ్లీ స్కాన్ చేస్తే సగం ఝగడా అక్కడే తీరింది. మిగతాది టార్చి తీర్చింది. గదిలో దీపం ఆర్పి ఫోన్ టార్చిని పేజీ పక్క నుంచి, దాదాపు కాగజ్‌కి ఆనించి వేస్తే, లోహపు పాళీ నొక్కిన గీత సన్నటి చాలులా నీడ పడుతుంది. రాతి అచ్చుకి ఆ చాలు రాదు.

ఇంకో నిషానీ జిల్ద్‌సాజ్ కత్తెర. రెండోసారి జిల్ద్ కట్టినప్పుడు అంచులు కోసేశాడు. అచ్చు హాషియా జద్వల్ లోపల, గీతల చట్రంలో ఉంటుంది కాబట్టి దానికేమీ కాలేదు. చట్రం దాటి అంచు దాకా వెళ్లిన నానీ మాటలు మాత్రం తెగిపోయాయి. తెగిన మాట కనిపిస్తే దాదాపు ప్రతిసారీ అది చేతిరాతే.

కానీ సిరా ఒక్కటే ఫైసలా చెయ్యదు. 'సహ్' గుర్తు చూడండి. కాతిబ్ ఒక లఫ్జ్ మరిచిపోతే దాన్ని హాషియాలో రాసి పక్కన 'సహ్' అని పెడతాడు, అంటే ఇది సహీ, మతన్‌లోదే అని. అది పక్కన కనిపించినా దాని జాగా లోపలే, టైపు చేసేటప్పుడు వాక్యంలోకి తేవాలి. మా నానీ మద్రసాలో నాలుగు జమాత్‌లు చదివింది, ఆమెకీ ఆ అలవాటుంది. తనకు తప్పనిపించిన చోట తనూ 'సహ్' వేసింది. గుర్తు ఒకటే, హక్కు ఒకటి కాదు. కాతిబ్ సహ్ మతన్‌లోకి వెళ్తుంది. నానీ సహ్ నానీ రాయ్‌గానే ఉండాలి, ఆమె దిద్దిందే కరెక్ట్ అయినా సరే. దీనికి ఉల్టా కూడా ఉంది. అచ్చు వెలిసిపోయిన రెండు వరఖ్‌ల మీద ఆమె అవే అక్షరాలను కలంతో దిద్దింది. సిరా ఆమెది, మాట ఆమెది కాదు. దాన్ని మతన్‌లోనే ఉంచాను, అలా దిద్దారని చిన్న గుర్తు పెట్టి.

అన్నిటికంటే పక్కా సబూత్ ఇంకో నుస్ఖా, అంటే అదే కితాబు రెండో ప్రతి. రెండింట్లో ఉన్నది అచ్చు, ఒక్కదాంట్లోనే ఉన్నది చేతిరాత. అయితే ఒకటే కితాబు ఎన్నోసార్లు అచ్చవుతుంది, ప్రతిసారీ కొత్త కాతిబ్ రాస్తే పేజీలు కలవవు. అదే మత్బా, అదే తబా కావాలి. సర్‌వరఖ్ లేకపోయినా, ఈ కితాబుల ఆఖరి పేజీలో ఖాతిమతుత్తబా అని మత్బా పేరూ సనూ ఉండే రివాజ్ ఉంది. మా కితాబులో అది బతికి ఉంది. గుంటూరులో తెలిసినవాళ్ల ఇంట్లో అదే ప్రతి దొరికింది. ఆ పేజీ తీశాను. హాషియా ఉంది, 12 ఉంది, కింద ఖాళీ. సునార్ లేడు, మాషా లేదు.

ఆ ఖాళీ చూస్తున్నప్పుడు నాకు ముద్రజ్ గుర్తొచ్చింది. ఇల్మె హదీస్‌లో ఈ తప్పుకు ఎప్పుడో పేరు పెట్టారు. రావీ తన మాటను హదీస్‌తో కలిపి చెప్తే, విన్నవాడు అంతా రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్) మాటే అనుకుని ముందుకు చెప్తే, ఆ కలిసిన ముక్క ముద్రజ్. దీని మీదే ఖతీబ్ బగ్దాదీ ఒక పూరా కితాబు రాశారు. ఆయన వఫాత్ హిజ్రీ 463లో. మద్రసాల్లో చెప్పే మిసాల్ వుజూది. వుజూ పూర్తిగా చేయమన్న మాట హజ్రత్ అబూ హురైరా (రజి)ది, కడగకుండా వదిలేసిన మడమల గురించిన హెచ్చరిక హుజూర్‌ది. ఒక రివాయత్‌లో రెండూ కలిసిపోయాయి. ఇంకో సనద్‌తో వచ్చిన రివాయత్‌లో ఎవరి మాట ఎవరిదో విడిగా ఉంది కాబట్టి పట్టుకోగలిగారు. గుంటూరు ప్రతితో నేను చేసిందీ అదే పని, చాలా చిన్న ఎత్తున. ఆ మిసాల్‌లో ఇంకో సంగతి: కలిసిన మాట చెడ్డదేం కాదు, వుజూ పూర్తిగా చేయమనే కదా. అయినా విడదీశారు.

ఇక్కడ కొందరు దోస్తులతో నాకు ఇఖ్తెలాఫ్. "చేతిరాతలు వదిలెయ్, కితాబు టైపు చెయ్, అయిపోతుంది" అంటారు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ కోసం పుస్తకాలు దిద్దే డిస్ట్రిబ్యూటెడ్ ప్రూఫ్‌రీడర్స్ ఖాయిదాలో కూడా పాఠకుల చేతిరాతలు వదిలేయమనే ఉంది. వాళ్లకి అది సహీ. వాళ్లకు కావలసింది ముసన్నిఫ్ మాట, అది వెయ్యి ప్రతుల్లో ఒకటే. మనింట్లో సంగతి అది కాదు. మతన్ గుంటూరులో దొరికింది, నానీ ఇంకెక్కడా దొరకదు. ఫెర్మా అనే ఫ్రెంచి లెక్కల పండితుడు డయోఫాంటస్ కితాబు హాషియాలో రాసుకున్న మాటలు ఉన్నాయి కదా. ఆయన కొడుకు 1670లో ఆ కితాబును మళ్లీ అచ్చువేస్తూ బాప్ రాతలను మతన్‌లో కలపలేదు, పారెయ్యలేదు. ఏ చోటివి ఆ చోటే, ఇది ఫెర్మా గమనిక అని విడిగా పేరు పెట్టి వేశాడు. ఫెర్మా చేత్తో రాసిన ప్రతి తర్వాత కనిపించకుండా పోయింది. కొడుకు వేసిన అచ్చే మిగిలింది.

నేనిప్పుడు మూడు రకాలుగా టైపు చేస్తున్నాను. మతన్ మామూలుగా. అచ్చు హాషియా [హా: ] అని, నానీ రాత [నానీ: ] అని, ఏ మాట పక్కన ఉందో ఆ మాట దగ్గరే. పాల లెక్క, మిరపకాయల బస్తాల లెక్క లాంటివి, తెలుగులో రాసినవి, కితాబుతో తాల్లుఖ్ లేనివి పేజీ చివర. తెగిన చోట చుక్కలు, నా అందాజా రాయను. ఎవరిదో తేల్చలేనివి పదకొండు ఉన్నాయి, వాటికి [?: ] పెట్టాను. అందులో కొన్ని నానా రాతలై ఉండొచ్చని ఆపా అంటోంది, ఆయన కూడా ఆ కలమే వాడేవారట.

పాత పీడీఎఫ్ గ్రూపులోంచి తీసేశాను. అప్పటికే దించుకున్నవాళ్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. చీరాలలో ఖాలా ప్రింటు తీయించి జిల్ద్ కూడా కట్టించిందట. ఆ పేజీ తీయించి, 12 మాషాలు కొట్టేసి పక్కన రాసుకోమన్నాను. "ఏం రాయను?" అంది. "రెండు రత్తీలే, ఇది నా తప్పు అని నా పేరు రాయి ఖాలా" అన్నాను.